మేము ఆపించిన చెక్కు

మా ఆయన బ్యాంకులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయ్యారు. ప్రమోషన్ తీసుకుంటే వేరే ఊరికి బదిలీ చేస్తారు. మా అత్తగారికి మేముండే మెట్టుగూడ దాటి ఉండటం ఇష్టం లేదు. అందుకని రెండుసార్లు వచ్చిన అవకాశాన్ని ఆయన వదులుకున్నారు. దాని గురించి ఎప్పుడూ బాధపడినట్టు కనిపించలేదు. కౌంటర్ అవతల నిలబడ్డ మనిషికి పని జరిగి వెళ్తే చాలనుకునేవారు. నేను రైల్వే స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఇద్దరం ఏడాది తేడాతో రిటైరయ్యాం.

నేను చెప్పబోయేది ఆయనకు డెబ్బై దాటిన తర్వాత సంగతి. అప్పటికే చిన్న చిన్న తేడాలు వస్తున్నాయి. పాలవాడికి రెండుసార్లు డబ్బులిచ్చారు. చర్చిలో ఇరవై ఏళ్లుగా పక్కన కూర్చునే ఆయన పేరు కోసం తడుముకున్నారు. వయసు అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను అంటే నిజం చెప్పినట్టవుతుంది.

ఒక సాయంత్రం కరెంటు బిల్లు కాగితాల కోసం బీరువా తీస్తే చెక్కు పుస్తకం చేతికి తగిలింది. ఊరికే తిరగేశాను. మధ్యలో ఒక చెక్కు లేదు. దాని ముందుది ఇంటి పన్నుకి వాడాం. తర్వాతిది పుస్తకంలోనే ఉంది. ముందు పేజీల్లో ఏ చెక్కు ఎవరికి ఇచ్చామో రాసుకునే గళ్లుంటాయి. ఆయన ఆ గళ్లు నింపకుండా చెక్కు చింపగా నేను చూడలేదు. పెన్ను మూత తీసి, ముందు అక్కడ రాసి, తర్వాతే చెక్కు రాసేవారు. ఆ నంబరు ఎదురుగా ఏమీ రాసి లేదు.

"ఏమండీ, ఈ చెక్కు ఎవరికిచ్చారు?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఏమో," అన్నారు. తర్వాత, "ఇచ్చానంటావా?" అన్నారు.

"గడిలో రాయలేదు."

"రాయలేదంటే ఇచ్చుండను."

"మరి ఎటు పోయింది?"

ఇల్లంతా వెతికాను. ఆయన చొక్కా జేబులు, బైబిలు, మందుల డబ్బా, సోఫా దిండ్ల కింద, ఎక్కడా లేదు. టేబుల్ మీద పేర్చిన పాత పేపర్లు గుర్తొచ్చాయి. వాటిని అంతకుముందు రోజే పాత పేపర్ల అతనికి ఇచ్చేశాం. చెక్కు పుస్తకం ఎప్పుడూ ఆ పేపర్ల మీద పెట్టుకునే రాసేవారాయన. 

"సంతకం పెట్టేసి ఉందా దాని మీద?"

"చెప్పలేను. పెట్టే ఉండొచ్చు." గొంతు తగ్గించి, "ఎవరికైనా ఇచ్చానేమో, కాస్త ఆలోచించనీ," అన్నారు.

ఆ మాట ఆయన అన్నారు. నాకు బాగా గుర్తుంది. నేనే వినిపించుకోలేదు. "ఎవరికిస్తారు మీరు? నెల రోజులుగా గడప దాటింది చర్చికే కదా. అది పేపర్లతో పాటు పోయింది. రేపు పొద్దున్నే వెళ్లి ఆపించాలి," అన్నాను. సైనిక్‌పురిలో ఉండే మా అమ్మాయికి ఫోన్ చేస్తే, బ్యాంకు యాప్ ఉంటే ఇంట్లో కూర్చునే ఆపొచ్చని చెప్పింది. మా దగ్గర యాప్ లేదు. పెట్టించుకోమని ఆ పిల్ల ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. ఖాతా ఆయన ఒక్కరి పేరు మీదే ఉంది కాబట్టి నేను వెళ్లి అడిగినా బ్యాంకు వాళ్లు చేయరు. ఆయన రావాలి, ఆయన సంతకం పెట్టాలి.

మర్నాడు పొద్దున టిఫిన్ తిని ఆయన దరఖాస్తు రాయడానికి కూర్చున్నారు. నేను దగ్గరే నిలబడ్డాను. ఇన్నాళ్లూ ఇతరుల దరఖాస్తులు చూసిన మనిషి, ఎక్కడా ఆగలేదు. మేనేజర్ గారికి అని మొదలుపెట్టి ఖాతా నంబరు, చెక్కు నంబరు వేశారు. తేదీ, మొత్తం, ఎవరి పేరున రాసిందీ తెలియదని విడివిడిగా రాశారు. డబ్బు చెల్లించవద్దని, ఆపినట్టు రాతపూర్వకంగా తెలియజేయమని అడిగారు. అంతా ఇంగ్లీషులోనే, బ్యాంకు అలవాటు. కారణం దగ్గర మాత్రం "చెక్కు కనబడడం లేదు" అనే అర్థం వచ్చే మాట రాశారు.

"పోయింది అని రాయండి," అన్నాను. "కనబడడం లేదంటే ఇంకోసారి ఇంట్లో వెతుక్కుని రమ్మంటారు."

"పోయిందో లేదో నాకు తెలియదుగా. తెలియనిది రాయకూడదు."

"ఇంకా తెలియకపోవడమేంటి? ఇల్లంతా వెతికాను."

ఆయన నా వైపు చూశారు.  కొట్టివేతలు ఉండకూడదని ఇంకో తెల్లకాగితం తీసుకుని మొదటి నుంచీ మళ్లీ రాశారు. ఈసారి "పోయింది" అని రాశారు. రెండు ప్రతులు. ఒకటి వాళ్లకి, ఒకటి ముద్ర వేయించుకుని మనం ఉంచుకోవడానికి.

బ్రాంచి మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. పది గంటలకు షట్టర్ పైకి లేచేసరికి గుమ్మంలో ఉన్నాం. లోపల కౌంటర్‌లో ముప్ఫై ఏళ్లుంటాయేమో, ఒక ఆఫీసర్ అమ్మాయి కూర్చుని ఉంది. మాకు ముందు పరిచయం లేదు. దరఖాస్తు చదివి, పాస్‌బుక్, ఆధార్ కార్డు అడిగి తీసుకుని కంప్యూటర్‌లో చూసింది.

"సర్, ఈ చెక్కు ఇంకా పాస్ కాలేదు. టెన్షన్ ఏం లేదు. ఇప్పుడే స్టాప్ పెట్టేస్తా. దీనికి చార్జీ ఉంటది, మీ ఖాతాలోనే కట్ అయితది."

"సరేనమ్మా," అన్నారాయన.

ఆ అమ్మాయి స్క్రీన్ మీద చూసి, కాగితం మీద చూసి, మళ్లీ స్క్రీన్ చూసింది. "సర్, సంతకం కొంచెం తేడాగా ఉంది. ఇంకోసారి పెడతారా?"

ఆయన పెట్టారు. ఆమె తల అడ్డంగా ఊపలేదు కానీ ఏమీ అనలేదు కూడా. ఆయనకు అర్థమైంది. ఇలాంటి మౌనం కౌంటర్ వెనక కూర్చుని ఆయన ఎన్నోసార్లు పాటించారు. మోచెయ్యి కౌంటర్ మీద ఆనించి, ఊపిరి తీసుకుని, మూడోసారి నెమ్మదిగా పెట్టారు. చివరి అక్షరం కింద గీత పెట్టడం మొదటి రెండుసార్లు మర్చిపోయారు, ఈసారి పెట్టారు.

"హా, కలిసింది సర్." టైపు చేసి, "అయిపోయింది. మీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది," అంది.

"మెసేజ్ సరే. రాసివ్వండి."

"మెసేజ్ సరిపోతది సర్."

"సరిపోదమ్మా." ఆయన గొంతులో పాత కౌంటర్ గొంతు వినిపించింది. "నేనూ ఈ బ్యాంకులోనే చేశాను. ఒకసారి ఒకాయన వచ్చి పక్క కౌంటర్‌లో నోటిమాటగా చెప్పి వెళ్లాడు, ఫలానా చెక్కు ఆపమని. ఆ కుర్చీలో వాడు పనిలో పడి మర్చిపోయాడు. మధ్యాహ్నం చెక్కు వచ్చింది, పాసైపోయింది. ఆయన వచ్చి గొడవ పెడితే కాగితం ఏదన్నారు. కాగితం లేదు. ఇచ్చిన రోజు ఒక్కటే కాదు, ఎన్ని గంటలకిచ్చామో కూడా వెయ్యాలి. పదకొండుకి చెక్కు వచ్చి పన్నెండుకి మేం వస్తే తప్పు మాది. పదికి మేమొచ్చి పదకొండుకి చెక్కు పాసైతే తప్పు మీది."

ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. నవ్వి, లెటర్ ప్రింట్ తీసి ఇచ్చింది. ఆయన చెక్కు నంబరు మీద వేలు పెట్టి ఒక్కో అంకె పైకి చదివారు. నాలుగో అంకె దగ్గర ఆగి, "ఇది తప్పు. ఆరు, తొమ్మిది కాదు," అన్నారు. ఆమె కంగారుగా కంప్యూటర్‌లో చూసుకుంది. అందులో సరిగానే పడింది, లెటర్‌లోనే పొరపాటు. సరిచేసి కొత్త ప్రింట్ తీసి, సంతకం పెట్టి, బ్రాంచి ముద్ర వేసి, తేదీ పక్కన టైము రాసింది. మా ప్రతి మీద కూడా అలాగే వేసిచ్చింది.

బయటికొచ్చాక నాకు ఎంత ధైర్యమొచ్చిందో చెప్పలేను. అంకె తప్పు పట్టుకున్న మనిషికి మతిమరుపేంటి? చెక్కు జారి పేపర్లలో పడింది, అంతే. వస్తూ దారిలో ఆయనకిష్టమని ఉస్మానియా బిస్కెట్లు కొన్నాను. ఆయన మాత్రం ఆ లెటరున్న కవరు గుండెకానించి పట్టుకుని, ఏదో లెక్క తేలనట్టు నడిచారు.

వారం రోజులైందేమో. మధ్యాహ్నం నాలుగింటికి గేటు చప్పుడైంది. బైండింగ్ భాయ్ వచ్చాడు.

భాయ్ గురించి చెప్పాలి. మా ఆయన సర్వీసులో ఉన్నప్పుడు బ్యాంకు లెడ్జర్లన్నీ భాయ్ బైండు చేసేవాడు. పెద్ద పెద్ద పుస్తకాలు, ఎర్ర మూలలు, నల్ల రెక్సిన్ అట్టలు. కంప్యూటర్లొచ్చాక ఆ పని పోయింది. భాయ్ కాలేజీ పిల్లల ప్రాజెక్టు పుస్తకాలతో, పెళ్లి కార్డులతో నెట్టుకొచ్చాడు. పని పోయినా వీళ్లిద్దరి స్నేహం పోలేదు. రంజాన్‌కి హలీం, క్రిస్మస్‌కి కేకు మా రెండిళ్ల మధ్య తిరుగుతూనే ఉండేవి. నా దగ్గరకంటే మా ఆయనకి భాయ్ దగ్గరే చనువెక్కువ.

ఎప్పుడొచ్చినా నేరుగా లోపలికొచ్చే మనిషి ఆరోజు చెప్పులు విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చేతిలో పాలిథిన్ కవరు.

"సార్ ఉన్నరా అమ్మా?"

"ఉన్నారు, రండి భాయ్. ఏంటి అక్కడే ఆగిపోయారు?"

మా ఆయన వరండాలోకొచ్చారు. భాయ్ ఆయన మొహంలోకి చూడకుండా కవర్లోంచి రెండు కాగితాలు తీశాడు. "సార్, చెక్కు వాపస్ వచ్చింది. ఏందని మా బిడ్డతోని చదివిపిచ్చిన. మీరే ఆపించిండ్రంట. నేనేం తప్పు చేసిన సార్?"

మొదటి కాగితం చెక్కు. మా ఆయన చేతిరాత, భాయ్ పేరు, కింద సంతకం, ఆ సంతకం కింద గీత. రెండోది భాయ్ బ్యాంకు వాళ్లిచ్చిన చీటీ. చెక్కు రాసినవారే చెల్లింపు ఆపించారని దాని మీద ఇంగ్లీషులో ఉంది.

 మా ఆయన చెక్కు తిరగేసి చూశారు, మళ్లీ ముందువైపు చూశారు. "ఇది నేనే రాశాను," అన్నారు. ఎవరితోనో కాదు, తనతోనే.

"మీరే రాసిండ్రు సార్. అమ్మ ఇంట్ల లేకుండె ఆరోజు. చర్చి పాటల పుస్తకాలు చినిగిపోయినై, మీ అమ్మగారి పేరు మీద అన్నీ బైండు చేయిపిస్తా అన్నరు. ఎవ్వరికీ చెప్పకు, అయిపోయినంక చూపిద్దామన్నరు. నేను అడ్వాన్స్ వద్దంటే కూడా బలవంతంగ ఇచ్చిండ్రు. గా చెక్కు ఉన్నదని రెక్సిన్ దుకాణపాయన దగ్గర మాట ఇచ్చి సామాను తెచ్చిన. ఆయన పదిమందిల అడిగిండు సార్. పైసల సంగతి కాదు. మీకు నా మీద ఎట్లనో ఉంటే నాతోనే చెప్పొచ్చు కదా."

నేను దగ్గర బంధువుల ఊరెళ్లిన రోజది. ఇంట్లో లేనని గుర్తొచ్చింది. గళ్లలో ఎందుకు రాయలేదో కూడా అర్థమైంది. రాస్తే నేను చూస్తానని రాయలేదు. నాకు తెలియకుండా చేసి నన్ను ఆశ్చర్యపరచాలని ఒక పని మొదలుపెట్టి, ఆ పనినే మర్చిపోయారు.

 మా ఆయన లోపలికెళ్లి బ్యాంకు లెటరు తెచ్చుకున్నారు. చెక్కు మీది తేదీ, లెటర్ మీది తేదీ పక్కపక్కన పెట్టి చూశారు. అయిదు రోజుల తేడా. ముద్ర మీద వేలు ఆనించి అలాగే కూర్చున్నారు.

"భాయ్," అన్నారు చివరికి. "నువ్వు తప్పేం చేయలేదు. చెక్కు పోయిందనుకున్నాం. పోలేదు. నీకిచ్చిన సంగతి నాకు గుర్తు లేదు."

"గుర్తు లేకపోవుడేంది సార్?"

"లేదు భాయ్. ఇప్పుడు నువ్వు చెప్తున్నా గుర్తు రావట్లేదు. నువ్వొచ్చింది గుర్తు లేదు, నేను రాసింది గుర్తు లేదు."

భాయ్ అప్పుడు ఆయన మొహంలోకి చూశాడు. నెమ్మదిగా చెప్పులు విప్పి లోపలికొచ్చి ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాడు. నేను టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లి, స్టవ్ వెలిగించకుండా నిలబడ్డాను. "ఎవరికైనా ఇచ్చానేమో, ఆలోచించనీ" అన్న మాటే చెవుల్లో. ఆలోచించనిచ్చి ఉంటే గుర్తొచ్చేదా? రాకపోవచ్చు. కానీ నేను ఆలోచించనివ్వలేదు. తెలియనిది రాయనన్న మనిషి చేత రాయించాను.

భాయ్‌కి అప్పటికప్పుడు డబ్బులిచ్చేద్దామన్నాను. కొత్త చెక్కు రాసినా చాలు. మా ఆయన ఒప్పుకోలేదు.

"ఆ చెక్కే పాసవ్వాలి," అన్నారు. "రెక్సిన్ దుకాణంలో పదిమంది విన్నది ఈ చెక్కు గురించే. వేరే డబ్బిస్తే అది వేరే సంగతవుతుంది."

మరుసటి రోజు ముగ్గురం బ్రాంచికి వెళ్లాం. అదే అమ్మాయి ఉంది. ఆపిన చెక్కును విడిపించడానికి కూడా ఖాతాదారు దరఖాస్తే కావాలంది. విడిపించాక, చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల లోపల భాయ్ దాన్నే మళ్లీ తన బ్యాంకులో వేసుకోవచ్చని చెప్పింది. గడువు బోలెడుంది.

మా ఆయన అక్కడే కూర్చుని రాశారు. ఈసారి నేను పక్కన నిలబడలేదు, దూరంగా కుర్చీలో కూర్చున్నాను. రాసింది తీసుకెళ్లి ఇస్తే ఆ అమ్మాయి చదివి, "సర్, కారణం ఇంత వివరంగా అవసరం లేదు. చెక్కు దొరికింది అని రాస్తే చాలు," అంది.

"దొరకలేదమ్మా. అది పోతేనే కదా దొరకడానికి. నేనే ఇచ్చి మరిచిపోయాను. అదే రాశాను."

చుట్టూ నలుగురైదుగురు కస్టమర్లున్నారు. పాస్‌బుక్ ప్రింటింగ్ మిషన్ చప్పుడు ఆగి ఉంది. జీవితమంతా కౌంటర్ వెనక కూర్చున్న మనిషి, కౌంటర్ ముందు నిలబడి ఆ మాట చెప్పారు.  నాకు చూపు మసకబారింది. భాయ్ లేచెళ్లి ఆయన పక్కన నిలబడ్డాడు.

సంతకం మళ్లీ కుదరలేదు. నాలుగుసార్లు పెట్టాల్సొచ్చింది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. నాలుగోది కలిశాక, ఆయన అడగకముందే లెటర్ ప్రింట్ తీసి, ముద్ర వేసి, టైము రాసి, చెక్కు నంబరు తనే అంకె అంకె చదివి వినిపించింది.

"ఇంకో పని ఉందమ్మా," అన్నారు మా ఆయన. "ఈ ఖాతాలో మా ఆవిడ పేరు కూడా చేర్చాలి. ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా చెల్లేట్టు. ఫారం ఇవ్వండి. నా సంతకం ఇంకా కలుస్తుండగానే అయిపోవాలి."

ఆ మాట ఇంట్లో అనలేదు. నాతో ముందుగా చెప్పలేదు. ఫారం నింపుతుంటే నా ఫొటోలు కావాలన్నారు, పర్సులో లేవు. ఎదురు వీధిలో స్టూడియోకి వెళ్లి తీయించుకొచ్చాను. ఆ ఫొటోలో నా కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇప్పటికీ పాస్‌బుక్ మీద అదే ఫొటో.

అక్కడి నుంచి రెక్సిన్ దుకాణానికి వెళ్దామన్నారు. నేను వద్దన్నాను, ఎండగా ఉంది, అలసిపోయారు. వినలేదు. ఆటోలో ముగ్గురం వెళ్లాం. దుకాణం యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. అతను కూర్చోమన్నా మా ఆయన కూర్చోకుండా బ్యాంకు లెటరు అతని ముందు పెట్టి, "ఈయన ఇచ్చిన మాట తప్పలేదు. తప్పు నాది. నాకు జ్ఞాపకం సరిగా ఉండటం లేదు," అన్నారు. యజమాని తడబడి లేచి నిలబడి, "అయ్యో సార్, గింతదూరం ఎందుకొచ్చిండ్రు, ఫోన్ చేస్తే అయిపోతుండె," అన్నాడు. భాయ్ బయట రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

రెండు రోజుల్లో ఆ చెక్కు పాసైంది. ఆ తర్వాత వారంలో మా అమ్మాయి నాన్నను బేగంపేటలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు చెప్పింది మాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. జబ్బు పేరు మాత్రం కొత్తది.

పుస్తకాలు క్రిస్మస్‌కి ముందే వచ్చాయి. భాయ్ కొడుకు ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి చర్చి వెనక గదిలో దింపాడు. ముదురు నీలం రెక్సిన్. ప్రతి పుస్తకం లోపలి పేజీలో మా అత్తగారి పేరు, చిన్న అక్షరాలతో. పాస్టర్ గారు ఆరాధన తర్వాత ఆ సంగతి చెప్పినప్పుడు అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన కూడా, ఎవరి గురించి చెప్తున్నారో అన్నట్టు, వెనక్కి తిరిగి చూశారు.

భాయ్ వారానికోసారైనా వస్తున్నాడు. ఒకసారి మా ఆయన నిద్రపోతుండగా, చెప్పకుండా ఉండలేక, భాయ్‌కి చెప్పాను. పోయిందని రాయించింది నేనేనని, ఆయన వద్దన్నారని. భాయ్ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. "మీరు పరేషాన్‌ల ఉండి చేసిండ్రు అమ్మా," అన్నాడు. అది క్షమించడమో, ఊరడించడమో నాకు తెలియలేదు. టీ తాగి వెళ్లిపోయాడు. మరుసటి వారం మామూలుగానే వచ్చాడు.

పోయిన నవంబరులో పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఆయన్ని బ్రాంచికి తీసుకెళ్లాను. మనిషి బతికే ఉన్నాడని ఏటా ఒకసారి వచ్చి కాగితం మీద చెప్పాలి. పెన్ను చేతికిస్తే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి టేబుల్ మీద పెట్టేశారు. ఆ ఆఫీసర్ అమ్మాయి, ఇప్పుడామె అసిస్టెంట్ మేనేజర్, కుర్చీలోంచి లేచి కౌంటర్ తిరిగి మా దగ్గరికొచ్చింది. ఇంకు ప్యాడ్ తెచ్చి ఆయన వేలు తనే అద్ది ఫారం మీద నొక్కించింది. అది నిజంగా ఆయన వేలిముద్రేనని కింద రాసి సంతకం పెట్టింది. తర్వాత టిష్యూ కాగితం తడిపి ఆయన బొటనవేలు రుద్ది రుద్ది తుడిచింది.

ఆయన ఓపిగ్గా చెయ్యి ఇచ్చి కూర్చున్నారు. తుడవడం అయ్యాక ఆమెను చూసి, కొత్తగా బదిలీ మీద వచ్చిన వాళ్లను అడిగినట్టు, "ఏ బ్రాంచి నుంచొచ్చావమ్మా?" అని అడిగారు.

"ఇక్కడే సర్, మొదటి నుంచీ," అందామె.

"మంచిది. ఇల్లు దొరికిందా?"

"దొరికింది సర్," అంది.